గుడ్లగూబకు పంపిన మెసేజ్

ఆమె అసలు పేరు ఆఫీసు రిజిస్టర్లో ఉండేది, నోళ్లలో మాత్రం ఎప్పుడూ కామానే. టీవీ కార్యక్రమాలకి తెర కింద అక్షరాలు వేసే సంస్థలో పన్నెండేళ్లు పనిచేసింది. పక్క సీటువాళ్లు రాసిన వాక్యంలో కామా తప్పితే అన్నం సహించేది కాదు ఆమెకి. లేచి వెళ్లి, భుజం మీంచి తొంగిచూసి, "ఇక్కడొక కామా పడాలి కదండీ" అనేది. ఆ పేరు అలా అతుక్కుంది. తర్వాత ఇంటిదాకా వచ్చేసింది. అక్కా బావల ఇంటి మేడ మీద గదిలో ఉండేది ఆమె. లిఫ్టులు బాగుచేసే బావ అయితే మెట్ల కింద నుంచి "ఏమ్మా కామా, కాఫీ దిగుతుందా, నేనే ఎక్కాలా?" అని కేకేసేవాడు.

వాళ్ల ఆఫీసులో సబ్‌టైటిళ్లు వేయడానికి వాడే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరికేది. ఎవరో కొంతమంది తీరిక వేళల్లో రాసి, కోడంతా అందరికీ కనిపించేలా తెరిచిపెట్టారు. ఎవరైనా చూడొచ్చు, తప్పు దొరికితే దిద్ది పంపొచ్చు. కామా ఆ సంగతి పట్టించుకోలేదు చాలాకాలం. ఆమెకి పట్టింది ఒక్కటే, ఎర్రరంగు. తెరమీద ఒక వరుస మరీ పొడుగైతే ఆ సాఫ్ట్‌వేరు దాన్ని ఎర్రగా చూపించాలి. కానీ మన లిపిలో రాస్తే పొట్టి వరుసా ఎర్రగానే ఉండేది, పొడుగు వరుసా ఎర్రగానే ఉండేది. "స్త్రీ" అని ఒక్క అక్షరం రాస్తే దానికది ఆరుగా కనిపించేది. సకారం ఒకటి, కింద తకారం ఒకటి, రకారం ఒకటి, మధ్యలో వాటిని కలిపే గుర్తులు రెండు, పైన దీర్ఘం ఒకటి.

"ఎర్రగా ఉంటే వదిలేయండి, అది అంతే" అనేవాడు సూపర్‌వైజరు.

అందరూ వదిలేశారు. ఒకరోజు వాతావరణ వార్తల్లో "రేపు వర్షం పడే సూచనలు లేవు" అన్న వాక్యం నిజంగానే పొడుగైంది. అన్ని ఎరుపుల మధ్యా ఆ ఎరుపు ఎవరి కంటా పడలేదు. చివరి మాట తెర అంచు దాటి పోయింది. ఊరంతా మర్నాడు గొడుగులతో బయల్దేరింది. ఆకాశం చూస్తే అద్దంలా ఉంది. ఆ వాక్యం వేసింది కామానే. తిట్లు ఆమెకే పడ్డాయి.

ఆ కోపంతోనే నెట్‌లో ఆ సాఫ్ట్‌వేరు ప్రాజెక్టు పేజీ తెరిచి, సమస్య ఏమిటో, ఎక్కడ వస్తుందో, ఏం రాస్తే కనిపిస్తుందో ఓపిగ్గా రాసిపెట్టింది. మర్నాటికి ఇంగ్లిషులో జవాబొచ్చింది. రాసింది ఆ ప్రాజెక్టు చూసుకునే మెయింటైనరు. పేరుండాల్సిన చోట ఏవో రెండు పొడి అక్షరాలు, ఫొటో ఉండాల్సిన చోట గుడ్లగూబ బొమ్మ.

"ఇంత స్పష్టంగా రాసినందుకు థాంక్స్. నాకు మీ లిపి చదవడం రాదు. లెక్కపెట్టే ఫంక్షను ఈ ఫైల్లో ఉంది. మీరే దిద్ది పంపగలరా?"

కామా కుర్చీలో వెనక్కి వాలిపోయింది. కాలేజీలో కంప్యూటరు చదువుకుంది నిజమే. పరీక్ష అయిన మధ్యాహ్నమే దాన్ని మర్చిపోయింది, అదీ నిజమే. కానీ ఫైలు తెరిచి చూస్తే మరీ అంత అర్థంకాని గందరగోళమేం కాదు. సెలవు రోజులన్నీ దానికే పెట్టింది. తెలియనిది వెతుక్కుంది, వెతికినది మళ్లీ మర్చిపోయింది, చివరికి ఒక దారి దొరికింది. మార్పులు పంపింది. వాళ్ల భాషలో దాన్ని పుల్ రిక్వెస్టు అంటారు, ఇదిగో నా మార్పు, చూసి కలుపుకోండి అని అడగడం.

గుడ్లగూబ చూసింది. "మీ మార్పులో తొమ్మిదొందల లైన్లు మారినట్టు కనిపిస్తోంది. అందులో అసలు మార్పు పదకొండు లైన్లే అనుకుంటా. మీరు కోడు రాసే ఎడిటరు ప్రోగ్రామే ఫైలంతా దానంతటదే సర్దేసినట్టుంది. ఆ పదకొండూ మాత్రం విడిగా పంపగలరా?"

కామాకి చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్లోవాళ్లంతా చూస్తుండగా జారిపడ్డట్టు అనిపించింది, ఎందుకంటే ఆ పేజీ నిజంగానే అందరికీ కనిపిస్తుంది. కింద వంటింట్లోకి దిగొచ్చి బావకి చెప్పింది.

"తిట్టాడా?" అన్నాడు బావ.

"తిట్టలేదు."

"పొమ్మన్నాడా?"

"లేదు, మళ్లీ పంపమన్నాడు."

"మరింకేం! నేను మొదటిసారి లిఫ్టు విప్పినప్పుడు మా మేస్త్రీ నన్ను లిఫ్టులోనే పెట్టి తలుపేశాడు. నీ గుడ్లగూబ దేవుడమ్మా."

మళ్లీ పంపింది. ఈసారి గుడ్లగూబ ఇంకో ప్రశ్న వేసింది. "అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తొకటి ఉంటుందట కదా. అది మధ్యలో వస్తే మీ లెక్క ఏమవుతుంది?" కామా ఆ సంగతి ఆలోచించనే లేదు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో టకారం కిందికి వకారం దిగకుండా ఆపేది ఆ గుర్తే. ఆమె కోడు దాన్ని చూసుకోకుండా ఆ రెంటినీ కలిపేస్తోంది. లిపి రాని మనిషి లిపి వచ్చిన తనకి తట్టనిది అడిగాడే అని ఆశ్చర్యపోతూ దిద్దింది. అమ్మ రెండు, స్త్రీ ఒకటి, సాఫ్ట్‌వేర్ నాలుగు అని లెక్క సరిచూసే చిన్న చిన్న టెస్టులు రాసి జతచేసింది. టెస్టులు పాసైనట్టు పేజీ మీద పచ్చటి గుర్తులు ఒక్కొక్కటే వెలిగాయి. "కలిపేశాను. చాలా బాగుంది" అని గుడ్లగూబ రాసిన రోజు కామా మేడ మీద నుంచి రెండేసి మెట్లు దూకుతూ దిగింది. అక్క హడలిపోయి, "ఎవరికేమైంది?" అంటూ బయటికొచ్చింది.

అక్కణ్నుంచి అది అలవాటైపోయింది. చిన్న తప్పు దొరికితే దిద్దేది. కొత్తవాళ్లు అర్థంకాక అడిగే ప్రశ్నలకి జవాబులు రాసేది. ఎవరైనా కోపంగా "మీ సాఫ్ట్‌వేరు చెత్త" అని రాస్తే, "ఏ ఫైలు తెరిచినప్పుడు చెత్తగా కనిపించిందో చెబుతారా, చూస్తాను" అని అడిగేది. సగంమంది అక్కడితో చల్లబడేవారు.

ఇంతలో ఆఫీసులో పద్ధతి మారింది. మాట వినగానే దానంతటదే అక్షరాలు వేసే యంత్రాన్ని కొన్నారు. అది వేసే అక్షరాలు ఎలా ఉన్నా ఎవరికీ పట్టినట్టు లేదు. ఒక శుక్రవారం అందర్నీ కూర్చోబెట్టి విభాగం మూసేస్తున్నామన్నారు. కామా తన కప్పు, కుర్చీ మీది దిండు సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది.

ఉద్యోగాల వేట మొదలైంది. అప్లికేషన్లు పంపితే కొన్ని చోట్ల నుంచి మర్యాదగా కాదన్నారు, ఎక్కువ చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. సబ్‌టైటిళ్ల పని అడిగితే యంత్రం ఉందన్నారు. సాఫ్ట్‌వేరు పని అడిగితే అనుభవం ఏదన్నారు. చారులో ఉప్పెక్కువైనా, కుక్కరు కూతేసినా కంటతడి పెట్టుకునే స్థితికొచ్చింది మనిషి.

ఒక ఆదివారం బావ చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "మీ గుడ్లగూబనే అడక్కూడదా?" అన్నాడు.

"ఏమని?"

"మీ దగ్గర గానీ, మీకు తెలిసిన చోట గానీ పనుందా అని."

కామా తల అడ్డంగా ఊపింది. "ఛ! ఇంతకాలం చేసిందంతా ఇందుకేనా అనుకోడూ? ఉచితంగా చేస్తున్నట్టు చేసి, తర్వాత చెయ్యి చాచినట్టుండదూ?"

"నేను ఒక బిల్డింగులో లిఫ్టు బాగుచేశాననుకో, వాళ్ల వాచ్‌మన్‌ని పక్క బిల్డింగులో లిఫ్టు ఎలా ఉందని అడుగుతాను. అడిగితే ఆ లిఫ్టు మళ్లీ పాడైపోతుందా?"

"నీకు అన్నీ లిఫ్టులే."

"లిఫ్టులే మరి. పైకి పోవాలంటే బటన్ నొక్కాలి. గుమ్మంలో నిలబడి సిగ్గుపడితే రాదు."

ఆమె గదిలోకెళ్లి ఆ ప్రాజెక్టు నియమాల పేజీ చదివింది. "బగ్గుల గురించి మెయింటైనర్లకి విడిగా మెసేజ్ చేయవద్దు" అని ఉంది. తనది సాఫ్ట్‌వేరులో తప్పు కాదుగా అనుకుంది. మళ్లీ చదివింది. అందరూ చూసే పేజీలో ఉద్యోగం అడగడం బాగోదు, అది మార్పుల గురించి మాట్లాడుకునే చోటు. ప్రాజెక్టు చాట్‌లో విడిగా పంపడమే సబబు. కూర్చుని రాసింది. రాసి, అక్కకి చూపించింది.

అక్క ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే టెక్నీషియను. సూదిలాంటి మనిషి. కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఇది ఉద్యోగం అడగడమా, క్షమాపణ చెప్పుకోవడమా?" అంది.

"ఎందుకే?"

"‘మీ విలువైన సమయం వృథా చేస్తున్నందుకు మన్నించండి సార్’ అని మొదలు. మధ్యలో ‘నాకు అంత అర్హత లేకపోయినా’ అని. చివర మళ్లీ ‘తప్పుగా అనుకోకండి సార్’ అని. సూది గుచ్చే ముందు నేను సారీ సారీ అంటే పేషెంటు కుర్చీ దిగి పారిపోతాడు. చెయ్యి పట్టుకుని, ఇక్కడ గుచ్చుతున్నానండి అని చెప్పాలి. అంతే."

"మరి మర్యాద?"

"చిన్నగా రాయడమే మర్యాద. ఆ సార్లు కూడా తీసెయ్. ఆయనో ఆవిడో నీకేం తెలుసు? గుడ్లగూబ మొహం చూసి చెప్పగలవా?"

ఇద్దరూ మంచం మీద కూర్చుని కోసుకుంటూ పోయారు. చివరికి మిగిలింది ఇంతే. నేను చేసిన మార్పుల్లో ముఖ్యమైనవి ఈ మూడు, లింకులు ఇవి. మా విభాగం మూసేశారు, పని వెతుక్కుంటున్నాను. మా లిపిలో సబ్‌టైటిళ్లు, వాటి టెస్టింగు, వాడేవాళ్లకి సాయం, ఈ తరహా పనులు చేయగలను. మీకు తెలిసిన చోట ఎక్కడైనా అవకాశం ఉంటే చెబుతారా? లేకపోయినా ఇబ్బంది లేదు, ప్రాజెక్టులో నా పని ఎప్పటిలాగే సాగుతుంది.

పంపింది.

జవాబు రాలేదు.

మర్నాడూ రాలేదు. ఆ వారమూ రాలేదు. అంతకుముందు మార్పు పంపితే ఒకటి రెండు రోజుల్లో చూసే గుడ్లగూబ, ఆమె ఈమధ్య పంపిన మార్పునీ ముట్టుకోలేదు. ప్రాజెక్టు పేజీలో ఎక్కడా అలికిడి లేదు. కామా మనసు ఊరుకోలేదు. కోపమొచ్చి ఉంటుంది. రోజుకి ఎంతమంది ఇలా అడుగుతారో! మంచి మనిషి, కాదనలేక మొహం చాటేసి ఉంటాడు. ఉన్న ఒక్క చోటునీ చేజేతులా చెడగొట్టుకున్నాను.

దానికి తోడు ఇంకో చిక్కొచ్చింది. పేజీలో ఎవరెవరో ప్రశ్నలు అడుగుతున్నారు. తను జవాబులు రాస్తే ఉద్యోగం కోసం కాకా పడుతున్నట్టుంటుంది. రాయకపోతే ఉద్యోగం కోసమే ఇన్నాళ్లూ రాసినట్టుంటుంది. ఎటు తిరిగినా తప్పేనని చేతులు కట్టుకు కూర్చుంది. అలా కూర్చున్నప్పుడే ఒక స్కూలు టీచరు రాసింది, చెవులు వినపడని పిల్లల కోసం పాఠం వీడియోకి అక్షరాలు వేశాను, ఫైలు తెరుచుకోవడం లేదు, సోమవారం క్లాసు ఉంది అని. దాని కింద ఇంకెవరో, "ఈ ప్రాజెక్టు బతికే ఉందా?" అని వెటకారం చేశారు.

కామా లేచి కళ్లు కడుక్కుంది. టీచర్ని ఫైలు పంపమని అడిగింది. చూస్తే, ఫైలు వేరే పద్ధతిలో సేవ్ అయింది. మళ్లీ ఎలా సేవ్ చేయాలో ఒక్కో మెట్టూ రాసి పంపింది. సాయంత్రానికి "తెరుచుకుంది, తెరుచుకుంది" అని టీచరు రెండుసార్లు రాసింది. వెటకారం చేసినాయనకి, "బతికే ఉంది, కాస్త నెమ్మదిగా నడుస్తోంది" అని జవాబిచ్చింది. ఆ రోజు చాలాకాలం తర్వాత కడుపునిండా తిన్నది.

పై వారంలో బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. క్లిప్పు నోట్లో పెట్టుకునే చూసింది. గుడ్లగూబ.

"ఆలస్యానికి సారీ. మెట్ల మీంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నా. ఎడమ చేత్తో ఒక్కో అక్షరం కొడుతున్నా, అందుకే పొట్టిగా రాస్తా. మీరు అడిగినందుకు సంతోషం. అడక్కపోతే నాకెలా తెలుస్తుంది? ప్రాజెక్టుకి డబ్బు లేదు, మేమంతా ఊరికే చేసేవాళ్లమే. నేను పనిచేసే రేడియో స్టేషన్లో ఖాళీ లేదు. కానీ ఆన్‌లైన్ పాఠాలకి సబ్‌టైటిళ్లు వేసే ఒక సంస్థ ఈ సాఫ్ట్‌వేరే వాడుతుంది. మీ లిపిలాంటివి తెలిసినవాళ్లు కావాలని వాళ్ల ఇంజనీరు అన్నారు. మీ మెసేజ్ వాళ్లకి పంపనా? మీరు సరేనంటేనే. ఉద్యోగం వస్తుందని మాటివ్వలేను. మీ పని గురించి నేను చూసింది మాత్రం చెప్పగలను."

కామా క్లిప్పు తీసి, తడిబట్ట భుజానేసుకుని అక్కడే గచ్చు మీద చతికిలబడింది. ఉద్యోగం ఇంకా రాలేదు. అయినా గుండెల మీంచి పెద్ద బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. చెయ్యి విరిగిందట! పాపం, చెయ్యి విరిగిందట! అనుకుంటూ నవ్వుతోంది, మళ్లీ నవ్వినందుకు నొచ్చుకుంటోంది.

"సరేనండి, పంపండి. చెయ్యి జాగ్రత్త" అని రాసింది.

ఇంకో గంటకి ప్రాజెక్టు పేజీలో ఆమె మార్పు మీద గుడ్లగూబ వ్యాఖ్యలొచ్చాయి. ఒకచోట ఫంక్షను పేరు సరిగ్గా లేదని, ఒకచోట టెస్టు సరిపోదని, ఒకచోట ఈ మూడు లైన్లు అక్కర్లేదని. ఎప్పటిలాగే, మొహమాటం లేకుండా. మెసేజ్ సంగతి మెసేజ్‌దే, పని సంగతి పనిదే. కామాకి ఆ మూడు తప్పులు చూసి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. తనమీద జాలిపడి ఒక్కటి కూడా వదల్లేదు కదా!

ఆ సంస్థ నుంచి పిలుపొచ్చింది. వీడియో కాల్లో ఇంజనీరు, ఆయన పక్కన ఇంకొకావిడ. బావ కింద డ్రిల్లింగు ఆపేశాడు. అక్క కుక్కరు ఎక్కించలేదు.

"మీరు చేసిన పొరపాటు ఒకటి చెప్పండి" అన్నాడు ఇంజనీరు.

కామా వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. తన మొట్టమొదటి పుల్ రిక్వెస్టు తెరిచి చూపించింది. "ఇదిగోండి, పదకొండు లైన్లకి తొమ్మిదొందలు మార్చాను. ఆ తర్వాత నుంచి పంపేముందు ఏం మారిందో లైనులైనూ చదువుకుంటాను."

పక్కనావిడ నవ్వింది. "మొదట్లో మేమందరం ఇదే చేశాం" అంది. తర్వాత మన లిపిలో ఒక పేరా ఇచ్చి, రెండు వరుసలుగా ఎక్కడ విరుస్తారని అడిగారు. కామా విరిచింది, ఎందుకక్కడో చెప్పింది, ఒక కామా కూడా వేసింది.

నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. మొదట ఆరు నెలల కాంట్రాక్టు, ఇంటి నుంచే పని, నచ్చితే పొడిగిస్తామన్నారు. పెద్ద జీతమేం కాదు, పాత జీతానికి కాస్త అటూ ఇటూ. అక్క దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. బావ ఏదో లిఫ్టు మాట అనబోయి, ఎందుకో అనకుండా మరదలి తలమీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

కామా గుడ్లగూబకి చెప్పింది. "మాట్లాడదామా? టైపు చేయడం కంటే సులువు" అని జవాబు. వీడియో తెరిస్తే ఎదురుగా కట్టు కట్టిన చేత్తో, నెరిసిన జుట్టు ముడేసుకుని, అరవైకి దగ్గరలో ఉన్న ఒకావిడ.

కామా తెరకి దగ్గరగా వంగి చూసింది. ఇన్నాళ్లూ ‘ఆయన, ఆయన’ అనుకున్న మనిషి! తలుపు పక్కన నిలబడి వింటున్న అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమిటి అలా చూస్తున్నారు?" అందావిడ ఇంగ్లిషులో.

"ఏం లేదండి" అంది కామా. "మీ మొహం చూడటం ఇదే మొదలు. మీరు వాళ్లకి నా గురించి ఏం చెప్పారు?"

"మీ మెసేజ్‌తో పాటు, నేను లేనప్పుడు ఆ టీచరుకి మీరు రాసిన జవాబు లింకు పంపాను. ఇంకేం చెప్పలేదు. అది చాలనుకున్నాను. అన్నట్టు, ఆ మూడు లైన్లు ఇంకా తీయలేదు మీరు" అంది.

"ఈరోజే తీస్తానండి."

కాల్ ముగిశాక కామా ఆ మూడు లైన్లు తీసేసింది. టెస్టులు నడిచేలోగా కిటికీ తెరిచింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నారు. ఎదురింటి మేడ మీద పరుపు దులుపుతున్నారు. పనిలో చేరడానికి ఇంకా వారం టైముంది, ఈ మధ్యాహ్నం చేయాల్సిందేమీ లేదు. మంచం మీద వాలి, ఫోను దూరంగా బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుంది. కిందనుంచి బావ కాఫీకి పిలుస్తుంటే, "నిద్రపోతోందండీ, లేపకండి" అంటోంది అక్క.